అయాన్ల సైజు పోల్చడానికి ఏది మేలు: పీరియాడిక్ టేబుల్‌లో చోటు చూడటమా, ప్రోటాన్లు లెక్కపెట్టడమా?

Na⁺, F⁻ రెండింట్లో ఏది పెద్దది అని ఇంటర్ పిల్లల్ని అడిగితే చాలామంది Na⁺ అనేస్తారు. సోడియం మూడో పీరియడ్, ఫ్లోరిన్ రెండోది, కిందికి పోయేకొద్దీ సైజు పెరుగుతుంది కదా అని. అసలు జవాబు F⁻. పాత పట్టికల్లో Na⁺ 95 పికోమీటర్లు, F⁻ 136.

చోటు చూసే పద్ధతి ఇక్కడ ఎందుకు బోల్తా కొట్టిందంటే, అది పరమాణువుల కోసం పుట్టింది. సోడియం పరమాణువు 186 ఉంటుంది, కానీ దాని మూడో కర్పరంలో ఉన్నది ఒకే ఒక్క ఎలక్ట్రాన్, అది పోగానే కర్పరం మొత్తం ఖాళీ అయిపోతుంది, మిగిలిన పదింటిని అవే 11 ప్రోటాన్లు ఇంకా గట్టిగా లాగుతాయి. ఫ్లోరిన్‌లో దీనికి ఎదురు: ప్రోటాన్లు తొమ్మిదే, ఎలక్ట్రాన్లు పదయ్యాయి, వాటిలో అవి నెట్టుకోవడం పెరిగి మబ్బు ఉబ్బుతుంది. (ఫ్లోరిన్ పరమాణువు 71 నుంచి అయాన్ 136కి పెరిగిందని చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఆ 71 అనేది F₂లో బంధ దూరానికి సగం. రెండూ వేరే కొలతలు కాబట్టి ఉబ్బు అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.)

ఇప్పుడు లెక్కపెట్టే పద్ధతి. O²⁻, F⁻, Na⁺, Mg²⁺ నాలుగింటికీ ఎలక్ట్రాన్లు పదే, అంటే ఐసోఎలక్ట్రానిక్. ప్రోటాన్లు వరసగా 8, 9, 11, 12. అదే పదింటిని లాగేవాళ్లు పెరిగేకొద్దీ అయాన్ చిన్నదవుతుంది: 140, 136, 95, 65. ఛార్జి పేరు కూడా ఎత్తక్కర్లేదు. ఇలాంటి ప్రశ్నకి నేనైతే కళ్లు మూసుకుని దీన్నే వాడమంటాను.

అలాగని దీన్ని అన్నిచోట్లా వాడితే దెబ్బ తింటారు. Cs⁺, F⁻ తీసుకోండి. 55 ప్రోటాన్లు, 9 ప్రోటాన్లు, కాబట్టి Cs⁺ చిన్నది అనుకుంటే తప్పు, అది 169. అందులో 54 ఎలక్ట్రాన్లు ఐదు కర్పరాల్లో ఉన్నాయి, F⁻లో రెండే కర్పరాలు. ధనాయాన్ ఎప్పుడూ రుణాయాన్ కన్నా చిన్నది అన్న మాట కూడా తప్పని ఇక్కడే తేలిపోతుంది. పైగా ఇక్కడ చోటు చూసే పద్ధతే సరిగ్గా చెబుతుంది.

అందుకే ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. సమానమైతే ప్రోటాన్లు చూడండి, కాకపోతే కర్పరాలు చూడండి. Fe²⁺, Fe³⁺ లాంటి ఒకే మూలకం జంటలో ఎలక్ట్రాన్లు తక్కువున్న Fe³⁺ చిన్నది.

ఇంకో పుస్తకంలో Na⁺ 102, F⁻ 133 అని కనిపిస్తే టెన్షన్ పడకండి. ఎక్స్-రేలతో స్ఫటికంలో కొలవగలిగేది రెండు కేంద్రకాల మధ్య దూరమే, సోడియం ఫ్లోరైడ్‌లో అది సుమారు 231. అందులో ఎవరి వాటా ఎంత అన్నది పట్టిక వేసినవాళ్లు ఎంచుకున్న పద్ధతిని బట్టి మారుతుంది, కాబట్టి ఒక అయాన్‌ని ఒక పట్టికలోంచి, రెండోదాన్ని ఇంకో పట్టికలోంచి తీసి పోల్చకండి.