ఎనభైల సింథ్ పాప్ సౌండ్ కోసం ఏఐ టూల్: చాలాకాలం వాడాక నా సమీక్ష

నల్గొండలో వీడియో ఎడిటింగ్ చేస్తాను, షార్ట్ ఫిల్ములకు నేపథ్య సంగీతం కూడా నేనే చూసుకుంటాను. మాటల్లో వివరం రాసిస్తే పాట తయారుచేసే ఏఐ టూల్ ఒకటి చాలాకాలంగా నా పనిలో భాగమైంది. దాని గురించి అన్నీ చెప్పబోవడం లేదు. సింథసైజర్ల మీద నడిచే ఎనభైల సింథ్ పాప్ సౌండ్ రాబట్టడానికి అది ఎంతవరకు పనికొస్తుందో మాత్రమే రాస్తున్నాను. బాగానే పనికొస్తుంది. అయితే ఏ బ్యాండ్‌లా కావాలో చెప్పడం మానేసి, ఆ శబ్దం ఎట్లా తయారైందో, పాట ఎంత వేగంతో నడవాలో చెప్పాలి.

ఇట్లాంటి చాలా టూల్స్‌లో గాయకుల పేర్లు, బ్యాండ్ల పేర్లు రాస్తే ప్రాంప్ట్, అంటే మనం రాసిచ్చే వివరం, తిరస్కరిస్తారు. హక్కుల సంగతి కాబట్టి అది న్యాయమే. నాకైతే అసలు కారణం వేరే. పేరులో ఆ గాయకుడి గొంతు, ఆ గిటార్, ఆ డ్రమ్స్, ఆ కాలపు రికార్డింగ్ అన్నీ ఒకే మూటగా వస్తాయి. అందులో డ్రమ్స్ ఒక్కటే మార్చాలంటే దారి ఉండదు. లక్షణాలుగా రాస్తే ఒక్కో మాటను పీకి, ఇంకో మాట పెట్టి ఏం మారిందో వినొచ్చు.

పేర్లు వదిలేసిన కొత్తలో చాలామంది `80s synth pop, retro, neon, nostalgic` అని రాస్తారు. వచ్చేది నిజంగా ఎనభైల పాట కాదు, ఈ మధ్యకాలంలో ఎనభైల మీద మోజుతో చేస్తున్న సింథ్‌వేవ్. రెంటికీ తేడా చెవికి తేలిగ్గా తెలుస్తుంది. సింథ్‌వేవ్‌లో కిక్ డ్రమ్ పడినప్పుడల్లా మిగతా సంగీతం ఒక్క క్షణం లోపలికి కుంగి మళ్లీ పైకి లేస్తుంది, దాన్ని సైడ్‌చైన్ పంపింగ్ అంటారు. అడుగున సబ్ బేస్, అంటే బాగా కింది స్థాయిలో మోగే బరువైన శబ్దం, ఉంటుంది. ఆ దశకంలో వచ్చిన సింథ్ పాప్ రికార్డుల్లో ఈ రెండూ దాదాపు వినబడవు. బేస్ సన్నగా, గట్టిగా ఉంటుంది, వాయిద్యాల మధ్య ఖాళీ ఉంటుంది. మిర్యాలగూడ తమ్ముడొకడు 1980ల కథతో షార్ట్ ఫిల్మ్ తీస్తూ నా దగ్గరికి వచ్చాడు. రెట్రో, నియాన్ లాంటి మాటలతో చేసిన ట్యూన్ వినిపిస్తే, "అన్నా, గిది పాత పాట లెక్క లేదే, ఫోన్ల గేమ్ మ్యూజిక్ లెక్కుంది" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. అందుకే భావాన్ని చెప్పే విశేషణాలు నా ప్రాంప్టుల్లో ఇప్పుడు దాదాపు ఉండవు.

ఆ ఫిల్ములో నాగార్జున సాగర్ దగ్గర సాయంత్రం పూట పడవ దృశ్యం ఒకటుంది. దానికోసం చివరికి నిలిచిన ప్రాంప్ట్ ఇది:

```
118 BPM, straight 4/4, minor key, drum machine,
short gated-reverb snare on 2 and 4,
sixteenth-note analog synth bass,
chorused polysynth pad, glassy FM bells,
dry close male baritone, light sub-bass
```

ఇందులో ఎక్కువ ఫలితం ఇచ్చింది స్నేర్, అంటే టక్‌మని గట్టిగా మోగే డ్రమ్, గురించి రాసిన వరుస. మామూలు రివర్బ్‌లో దెబ్బ పడ్డాక గది ప్రతిధ్వని మెల్లగా తగ్గిపోతుంది. గేటెడ్ రివర్బ్‌లో ఆ ప్రతిధ్వని పెద్దగా లేచి, తగ్గేలోపే తలుపేసినట్టు టక్కున ఆగిపోతుంది. 1979లో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో ఇంగ్లిష్ గాయకుడు పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ రికార్డింగ్ జరుగుతుండగా ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. స్టూడియోలో ఉన్నవాళ్ల మాట కంట్రోల్ రూమ్‌కు వినబడేందుకు పెట్టిన టాక్‌బ్యాక్ మైకు ఆన్‌లో ఉండిపోయింది. శబ్దంలో హెచ్చుతగ్గులను నొక్కిపెట్టే గట్టి కంప్రెషన్ దానికుంది, అందులో డ్రమ్స్ విని ఇంజినీర్ హ్యూ పాడ్గమ్ ఆ శబ్దాన్నే పట్టుకున్నాడు. తర్వాత డిజిటల్ రివర్బ్ పెట్టెల్లోకి కూడా ఆ తీరు ఎక్కి దశాబ్దమంతా మోగింది. టూల్‌కు ఈ చరిత్ర చెప్పనక్కర్లేదు, `gated-reverb snare` అంటే చాలు. కాని మనకు తెలిస్తేనే వచ్చినదాన్ని పరీక్షించగలం. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఫైల్ తెరిచి ఒక్క స్నేర్ దెబ్బ మీద జూమ్ చేస్తే, గేట్ నిజంగా ఉన్నచోట అల లావుగా నడిచి ఒక్కసారిగా సన్నబడుతుంది. ఏటవాలుగా జారుతూ పోతే అది మామూలు రివర్బే, టూల్ మన మాట వినలేదన్నమాట.

ఈ స్నేర్ వేగంతో ముడిపడి ఉంది, అందుకే టెంపో అంకెను ప్రాంప్ట్ మొదట్లో పెడతాను. 118 BPM, అంటే నిమిషానికి 118 బీట్ల దగ్గర, ఒక బీట్ దాదాపు 508 మిల్లీసెకన్లు. సగం బీట్ 254. స్నేర్ తోక ఆ సగం బీట్ లోపలే తెగిపోతే తర్వాతి దెబ్బకు చోటు దొరుకుతుంది, బేస్ నోట్లు శుభ్రంగా వినబడతాయి. అందుకే అక్కడ `short` అని రాశాను. అదే 92 BPM పాటైతే సగం బీట్ 326 మిల్లీసెకన్లు, కాబట్టి `big gated snare` అని రాసినా సర్దుకుంటుంది. వేగం 120 దాటాక పెద్ద స్నేర్ అడిగితే మాత్రం మొత్తం పాట బురదలో కూరుకుపోయినట్టు వినబడుతుంది. ఎనభైల డాన్స్ పాట, ఎనభైల నెమ్మది పాట రెండూ ఒకే వాయిద్యాలతో వేర్వేరుగా ఎందుకు మోగుతాయో నాకు ఇక్కడే అర్థమైంది.

టూల్ అంకెను ప్రతిసారీ పాటించదు. 118 అడిగితే ఎక్కువసార్లు దాని దగ్గర్లోనే వస్తుంది, కొన్నిసార్లు 100కు జారుతుంది. పదిహేను సెకన్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని కాలితో బీట్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. 118 అయితే ముప్పైకి కాస్త తక్కువ, 100 అయితే ఇరవై అయిదు. ఇంకో తిరకాసు హాఫ్ టైమ్. అంకె సరిగానే ఉంటుంది, స్నేర్ మాత్రం మూడో బీట్ మీదే పడుతుంది, దాంతో పాట సగం వేగంతో ఈడుస్తున్నట్టు ఉంటుంది. `snare on 2 and 4` అని రాయడం మొదలుపెట్టాక ఇది చాలావరకు తగ్గింది.

బేస్, ప్యాడ్, బెల్స్ గురించి కొంచెమే చెప్తాను. నోట్లను వాటంతటవే వాయించే అప్పటి సీక్వెన్సర్లు నాలుగు బీట్ల బార్‌ను పదహారు భాగాలుగా నడిపేవి, ఆ తడబాటు లేని పరుగు కోసమే `sixteenth-note`. వెనకాల పరుచుకుని సాగే సింథ్ శబ్దమే ప్యాడ్, దాని మీద కోరస్ ఎఫెక్ట్ ఉంటే శబ్దం రెండు పక్కలా నెమ్మదిగా అలలాడుతుంది. బెల్స్ దగ్గర ఏడాదిని బట్టి నిర్ణయించుకోవాలి. గాజు గ్లాసు మీద కొట్టినట్టుండే ఎఫ్ఎం శబ్దం యమహా DX7 సింథసైజర్‌తో 1983లో జనంలోకి వచ్చింది. కథ 1981లో జరిగితే ఆ ముక్క తీసేసి అనలాగ్ శబ్దాలతోనే సరిపెడతాను. ప్రాంప్టులో `1981` అని ఏడాది రాస్తే పెద్దగా తేడా రాలేదు, `glassy FM bells` తీసేస్తే వెంటనే వచ్చింది. లక్షణాలు మరీ ఎక్కువైతే చివరివాటిని టూల్ పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి తప్పకుండా కావాల్సినవి ముందు రాయాలి.

మన భాషలో సాహిత్యం ఇచ్చేవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. తెలుగు లిరిక్స్ పెట్టగానే, ప్రాంప్టులో ఏమున్నా సరే, తబలా, ఢోలక్, వయొలిన్లు వచ్చి చేరతాయి. తెలుగు మాట వినబడితే సినిమా పాటే అనుకునేట్టు నేర్చుకుందేమో అనిపిస్తుంది. `no tabla` అని అదే ప్రాంప్టులో రాస్తే తబలా ఇంకా పెరిగిన సందర్భాలున్నాయి. వద్దనుకున్నవి రాయడానికి విడిగా ఉన్న పెట్టెలోనే వాటిని పెట్టాలి:

```
tabla, dholak, strings, trap hi-hats, sidechain pumping
```

అప్పటికీ లొంగకపోతే ముందు వాయిద్య సంగీతం మాత్రమే తయారుచేసి, నచ్చిన ట్రాక్ మీద తర్వాత గొంతు చేర్పిస్తాను. పడవ దృశ్యానికి చివరికి అట్లాగే చేశాను.

సాహిత్యానికి కూడా టెంపోనే కొలత. మేం రాసుకున్న వరుస ఒకటి: "నీటి మీద వెలుగు రేఖ నిన్నే అడిగింది". పదిహేను అక్షరాలు. 118 దగ్గర ఒక బార్ రెండు సెకన్లు. ఈ వరుసను ఒక్క బార్‌లో ఇరికిస్తే సెకనుకు ఏడెనిమిది అక్షరాలు పడతాయి, అంటే గొంతు పరుగెత్తి సింథ్ పాప్‌లో ఉండే ఆ నింపాదితనం పోతుంది. రెండు బార్లకు పరిస్తే సెకనుకు నాలుగు కూడా రావు, హాయిగా పాడుకోవచ్చు. అందుకని వరుసను "నీటి మీద వెలుగు రేఖ" దగ్గర విరిచి కింద లైన్‌లో మిగతాది రాశాను. లైన్ విరిచిన చోట టూల్ సాధారణంగా ఊపిరి తీసుకుంటుంది.

ఉచ్చారణ ఇంకా బాధపెడుతోంది. "నిన్నే"ను "నినే" అంటుంది, ళను ల చేస్తుంది. ద్విత్వాక్షరం పడిన చోట నోట్ పొడుగ్గా ఉంటే కొంత మెరుగ్గా పలుకుతుంది. అయినా తెలుగువాళ్లు వినే పాటకు టూల్ గొంతును నేను తుది ప్రతిలో పెట్టను. మా తమ్ముడి ఫిల్ముకు స్థానికంగా పాడే అబ్బాయితో పాడించి కలిపాం. ఆ కలపడంలో ఒక చిక్కు ఉంది. టూల్ ఇచ్చిన ట్రాక్ వేగం మూడు నిమిషాల్లో కొద్దికొద్దిగా జారుతుంది. మొదట మెట్రోనోమ్ క్లిక్‌కు సరిగ్గా కూర్చున్న స్నేర్, రెండో చరణం వచ్చేసరికి పక్కకు తప్పుకుంటుంది. గాయకుడికి క్లిక్ కాకుండా ట్రాక్‌నే హెడ్‌ఫోన్లో వినిపించి పాడించాలి.

ముగింపులు కూడా దీనికి చేతకావు, ఒక్కోసారి మాట మధ్యలోనే పాట ఆగిపోతుంది. ఆ కాలపు పాప్ పాటలు ఎన్నో పల్లవి తిరుగుతుండగానే మెల్లగా వినబడకుండా పోయేవి కాబట్టి, చివరి పల్లవిని రెండుసార్లు రాసి, ఆఖరి ఇరవై సెకన్లు ఆడాసిటీలో నేనే ఫేడ్ చేస్తాను.