అసోసియేట్ ఇచ్చిన డివిడెండ్: ఆదాయంగా చూపడమా, పెట్టుబడిలో తగ్గించడమా?

మరో కంపెనీలో 25 శాతం వాటా ఉండి అది మనకు అసోసియేట్ అయినప్పుడు, అంటే దాని నిర్ణయాల్లో మన మాటకు గణనీయమైన పలుకుబడి ఉన్నప్పుడు, దాని నుంచి వచ్చిన డివిడెండ్‌ను ఆదాయంలో ఎందుకు చూపకూడదన్న ప్రశ్న ఆడిట్ రోజుల్లో నాకు మళ్లీ మళ్లీ ఎదురవుతూ ఉంటుంది. స్టాండలోన్ లెక్కల్లో, అంటే కంపెనీ తన ఒక్కదాని కోసం తయారుచేసే లెక్కల్లో, అలా చూపవచ్చు. అక్కడ పెట్టుబడిని కొన్న ధరకే ఉంచి, డివిడెండ్‌పై హక్కు ఏర్పడినప్పుడు ఆదాయం రాసుకుంటాం. మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 27 అక్కడ ఈక్విటీ పద్ధతిని, అంటే అసోసియేట్ లాభంలో మన వాటాను పెట్టుబడి విలువకు కలిపి, నష్టంలో వాటానూ వచ్చిన డివిడెండ్‌నూ దాంట్లోంచి తగ్గించే పద్ధతిని, అనుమతించదు. గ్రూపు మొత్తాన్ని కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కల్లో మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, ఇండ్ ఏఎస్ 28 ప్రకారం ఈక్విటీ పద్ధతే పాటించాలి. అయినా ఒకే వాటాను ఈ రెండు పద్ధతుల్లో ఏది నిజంగా చూపుతుందో చూడటం అవసరం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక మిర్చి ఎగుమతి కంపెనీ 2023 ఏప్రిల్ 1న ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీలో 25 శాతం వాటాను 60 లక్షలకు కొన్నది. ఆ రోజున కోల్డ్ స్టోరేజీ నికర ఆస్తులు, న్యాయ విలువ మీద, అంటే మార్కెట్లో పలికే ధర ప్రకారం, 200 లక్షలు. అందులో మన వాటా 50 లక్షలు కాబట్టి మిగిలిన 10 లక్షలు గుడ్‌విల్. దాన్ని విడిగా చూపకుండా పెట్టుబడి విలువలోనే ఉంచుతాం. 2023-24లో కోల్డ్ స్టోరేజీకి 40 లక్షల లాభం వచ్చింది. 2024 సెప్టెంబరులో వార్షిక సర్వసభ్య సమావేశం 16 లక్షల డివిడెండ్‌ను ఆమోదించింది, అందులో మనకు 4 లక్షలు. 2024-25లో 12 లక్షల నష్టం వచ్చింది.

కొన్న ధర పద్ధతిలో మొదటి ఏడాది ఆదాయం సున్నా, రెండో ఏడాది 4 లక్షలు. అంటే కోల్డ్ స్టోరేజీ బాగా సంపాదించిన ఏడాది మన లెక్కలో ఏమీ కనిపించదు, నష్టపోయిన ఏడాది ఆదాయం కనిపిస్తుంది. ఈక్విటీ పద్ధతిలో మొదటి ఏడాది 10 లక్షల లాభం, రెండో ఏడాది 3 లక్షల నష్టం కనిపిస్తాయి. నా దృష్టిలో నిర్ణయాత్మకమైన అంశం ఇదే. వాటాదారుకు బోర్డులో మాట చెల్లుబాటయ్యే చోట, డివిడెండ్ ఏ ఏడాది ఇవ్వాలన్న నిర్ణయంలో అతని ప్రమేయం కూడా ఉంటుంది. ఆ నిర్ణయాన్ని బట్టి లాభం పెరిగి తరిగే పద్ధతిని నేను నమ్మలేను. అందుకే ఈక్విటీ పద్ధతి వైపే మొగ్గుతాను. దాని లోపమూ చెప్పాలి: ఆ 10 లక్షలు మన చేతికి రాలేదు. నగదు ప్రవాహ పట్టికలో లాభం వాటాను తీసివేసి, అందిన డివిడెండ్‌ను పెట్టుబడి కార్యకలాపాల కింద చూపేది అందుకే.

న్యాయ విలువ పద్ధతి మూడో దారి. లిస్ట్ కాని కోల్డ్ స్టోరేజీకి ఏటా నమ్మదగిన విలువ కట్టడం కష్టం కనుక దాన్ని వెంచర్ క్యాపిటల్ సంస్థల వంటివాటికి వదిలేద్దాం.

తప్పులు ఎక్కువగా దొర్లేది రెండో ఏడాది కన్సాలిడేషన్‌లో. స్టాండలోన్ పుస్తకంలో పెట్టుబడి ఇంకా 60 లక్షలే, అందులో 4 లక్షల డివిడెండ్ ఆదాయంగా ఉంది. కన్సాలిడేషన్ పద్దులు ఏటా మొదటి నుంచి రాయాలి కాబట్టి మూడు సర్దుబాట్లు కావాలి. గత ఏడాది 10 లక్షలను పెట్టుబడికి డెబిట్ చేసి ప్రారంభ రిజర్వులకు క్రెడిట్ చేయాలి. ఈ ఏడాది నష్టంలో వాటా 3 లక్షలను లాభనష్టాల ఖాతాకు డెబిట్ చేసి పెట్టుబడికి క్రెడిట్ చేయాలి. డివిడెండ్ ఆదాయం 4 లక్షలను డెబిట్ చేసి పెట్టుబడికి క్రెడిట్ చేయాలి. అప్పుడు పెట్టుబడి 63 లక్షలకు వస్తుంది.

సరిపోయిందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఉంది. కోల్డ్ స్టోరేజీ నికర ఆస్తులు 200కు 40 కలిపి, 16, 12 తీసివేస్తే 212 లక్షలు. అందులో 25 శాతం 53, గుడ్‌విల్ 10 కలిపితే 63. మీ లెక్కలో 67 వస్తే, డివిడెండ్‌ను ఆదాయంలోంచి తీయడం మరిచిపోయి అదే లాభాన్ని రెండుసార్లు లెక్కించారన్నమాట. 63.4 వస్తే, 10 శాతం టీడీఎస్ పోగా బ్యాంకులో పడిన 3.6 లక్షలనే తగ్గించి ఉంటారు. తగ్గించవలసింది పూర్తి 4 లక్షలు, టీడీఎస్ 40 వేలు పన్ను ఆస్తిగా ఇప్పటికే స్టాండలోన్ పుస్తకంలో ఉంటాయి. 59 వస్తే, మార్చి 2024 నాటికి బోర్డు ప్రతిపాదన మాత్రమే ఉన్న డివిడెండ్‌ను అప్పుడే తగ్గించి, సెప్టెంబరు ఆమోదం తర్వాత మళ్లీ తగ్గించి ఉండవచ్చు.