కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లూ, రిపేరు సంగతి వాట్సాప్ గ్రూపులో చెప్పి ఊరుకోకండి

కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లు, దిగబోయేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మాకు జరిగింది మీకు జరగకూడదు.

మా బాత్రూమ్ సీలింగ్ మూలన అరచేయంత చెమ్మ కనిపించింది. బిల్డర్ తరఫు సైట్ ఇంజనీరు కూడా మా గ్రూపులోనే ఉన్నాడు కదా అని, భోగి ముందురోజు రాత్రి ఫొటో తీసి అందులో పెట్టాను. తెల్లారేసరికి దాని కింద భోగిమంటల వీడియోలు, ముగ్గులు, శుభాకాంక్షల బొమ్మలు, షుగర్ తగ్గించే కషాయం గురించి ఎవరో పంపిన ఫార్వర్డ్. నా ఫొటో నాకే ఓ పట్టాన దొరకలేదు. పండగ వెళ్లాక మళ్లీ పెడితే ఇంజనీరు "చూస్తాం సార్" అన్నాడు. ఎవరూ రాలేదు.

ఉగాది నాటికి పెచ్చు ఊడి పడింది, గీజర్ స్విచ్‌బోర్డు దాకా తడి దిగింది. గట్టిగా అడిగితే బిల్డర్ ఆఫీసులో "మాకు కంప్లయింట్ రాలేదు, ఉంటే చూపించండి" అన్నారు. చూపిద్దామంటే ఫొటో లేదు, ఆ "చూస్తాం సార్" కూడా లేదు. ఫార్వర్డ్‌లతో ఫోన్లు నిండిపోతున్నాయని సంక్రాంతికి ముందే ఎవరో Disappearing messages 7 రోజులకు పెట్టేశారట. అడ్మిన్ ఆ సెట్టింగ్‌ను తన చేతిలో ఉంచుకోకపోతే సభ్యులెవరైనా మార్చేయొచ్చు. ముందు మీ గ్రూపులో అది ఎలా ఉందో చూసుకోండి.

రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు పనితనంలో లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. దృష్టికి తెచ్చిన తేదీయే మా దగ్గర లేకుండా పోయింది. ఉగాది తర్వాత లెటరు రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుంటేగానీ మా 30 రోజుల లెక్క మొదలవలేదు. అందుకే బిల్డర్ చేయాల్సిన పనైతే గ్రూపులో పెట్టినా సరే, అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి.

ఇక గ్రూపు సంగతి. మొదట అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాం. అది పొరపాటు. గుడ్ మార్నింగ్‌లతోపాటు కంప్లయింట్లూ ఆగిపోయి, అందరూ సెక్రటరీ గారికి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. తర్వాత పాత గ్రూపును కబుర్లకు వదిలేసి, రిపేర్లకు విడిగా ఒకటి పెట్టాం. అందులో ఇలా రాయాలి: "402, వంటగది సింకు కింద పైపు కారుతోంది, నిన్న సాయంత్రం నుంచి", దాంతోపాటు ఒక ఫొటో. ఆ వారం బాధ్యత తీసుకున్నవారు ఆ కంప్లయింట్‌కు ఓ వరుస నంబరు వేసి, అదే మెసేజ్‌కు రిప్లయ్‌గా "37, ప్లంబర్ రేపు 10 గంటలకు" అని పెడతారు. పని అయ్యాక "37 పూర్తి" అని 402 వాళ్లే రాయాలి, ప్లంబర్ మాట మీద మూసేయకూడదు. 37 అని వెతికితే మొత్తం కథ దొరుకుతుంది. పొరపాటున శుభోదయం వస్తే అడ్మిన్ అందరికీ డిలీట్ చేసి, పంపినవాళ్లకు విడిగా చెబుతారు. గ్రూపులో అందరి ముందూ అంటే పెద్దవాళ్లు నొచ్చుకుని, తర్వాత నీళ్లు కారుతున్నా చెప్పరు.

మా పక్కింటి పెద్దావిడకు టైపింగ్ రాదు. ఆవిడ వాయిస్ పెడితే, ఆ వారం వాళ్లు దాన్ని టైప్ చేసి నంబరు వేస్తారు.