వదులైన సాకెట్‌కి సాక్సులా, కొత్త సాకెట్టా?

మా నాన్నకి మోకాలి కింద కాలు తీసేశారు. కృత్రిమ కాలు పెట్టిన మూడో నెలకే సాకెట్, అంటే మొండికాలు దూర్చే గిన్నెలాంటి భాగం, వదులైంది. మొదటి ఏడాది వాపు తగ్గి మొండికాలు సన్నబడుతుంది, అది మామూలే.

మొండికాలికి తొడిగే సాక్సులతో ఖర్చు తక్కువ, సర్దుబాటు అప్పటికప్పుడే. సాక్సుల మందాన్ని ప్లైలలో లెక్కిస్తారు; నాన్న పొద్దున్న 3 ప్లైతో మొదలుపెట్టి మధ్యాహ్నానికి 5 చేసేవారు. చాలకపోతే కాలు లోపలికి దిగిపోయి మోకాలిచిప్ప కింది అంచు, మొండి చివర ఎర్రబడతాయి. ఎక్కువైతే కాలు పూర్తిగా దిగదు. మా కోనసీమ ఉక్కపోతలో తడిసిన సాక్సు మార్చకపోతే చర్మం ఒరుసుకుపోతుంది.

10 ప్లై దాటాక మాత్రం సాక్సుల్ని నమ్ముకోకండి. సాకెట్ కాలి చుట్టూ తిరుగుతుంది, చేనుగట్టు మీద అడుగు తప్పుతుంది. ఖర్చయినా కొత్త అచ్చు తీయించడమే మేలు. మేం ఎనిమిదో నెలలో సాకెట్ ఒక్కటే మార్పించాం, పాదం, పైపు పాతవే. ఎరుపు పావుగంటలో పోకపోతే మళ్లీ తొడగకుండా వెంటనే చూపించండి.