20 ఫ్లాట్లకు 6,000 లీటర్ల ట్యాంకు, 1.5 హెచ్‌పీ మోటారు: ఏళ్ల తరబడి వాడాక

మాది అనంతపురంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, 20 ఫ్లాట్లు. కట్టేటప్పుడు పైన 15,000 లీటర్ల ట్యాంకు, కింద 3 హెచ్‌పీ మోటారు పెట్టమని అందరూ చెప్పారు. మేం అంత పెద్దవి పెట్టలేదు, ఇన్నేళ్లలో వాటి అవసరమూ రాలేదు.

ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున వేస్తే 10,800 లీటర్లు. మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి నిల్వ ఉండాల్సింది సంపులో. అందుకే సంపు 22,000 లీటర్లు కట్టించాం. పైన సగం రోజుకు సరిపడా ఉంటే చాలు. పొద్దున స్నానాలు, బట్టలు, వంట అన్నీ కలిపి దాదాపు సగం నీళ్లు అప్పుడే అయిపోతాయి. ఐదింటికల్లా ట్యాంకు నిండి ఉంటే, మధ్యలో కరెంటు పోయినా ఎవరికీ టెన్షన్ ఉండదు. 6,000 లీటర్లంటే స్లాబు మీద ఆరు టన్నుల బరువు, అది కూడా మరచిపోకూడదు. ఒకే ట్యాంకు కాకుండా 3,000 లీటర్లవి రెండు పెట్టి, మధ్యలో వాల్వు బిగించాం. ఒకటి కడుగుతుంటే రెండోదానితో నీళ్లు నడుస్తాయి.

మోటారు విషయంలో మొదట తేల్చుకోవాల్సింది ఎంతసేపట్లో నిండాలన్నది. మాకు గంట చాలు, అంటే నిమిషానికి 100 లీటర్లు. సంపు అడుగు నుంచి ట్యాంకు పైభాగం దాకా 21 మీటర్లు, పైపులో, మలుపుల్లో పోయేది మరో 4, మొత్తం 25 మీటర్ల హెడ్, అంటే మోటారు నీళ్లను తోయాల్సిన మొత్తం ఎత్తు. దీనికి 1.5 హెచ్‌పీ సరిపోతుంది. కొనేటప్పుడు మోటారు మీద రాసిన గరిష్ఠ హెడ్ చూసి మోసపోవద్దు. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు రావు. 25 మీటర్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో కంపెనీ పట్టికలో చూడాలి. పైపు ఒకటిన్నర అంగుళం వేయించండి. ఒక అంగుళం పైపైతే ఇదే నీటికి రాపిడిలోనే 12 మీటర్లకు పైగా హెడ్ పోతుంది, ఎంత పెద్ద మోటారు పెట్టినా కరెంటు బిల్లే మిగులుతుంది.

మా బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వేసవిలో సంపులోకి వాటినే తోడతాం. అందుకని మోటారులో గార పడుతోందో లేదో తెలియడానికి ట్యాంకు నిండే సమయాన్ని వాచ్‌మన్ పుస్తకంలో రాస్తాడు. గంట నుంచి మెల్లగా గంటన్నర దగ్గరికి వచ్చినప్పుడు మోటారు విప్పి చూస్తే, లోపల తిరుగుతూ నీళ్లను తోసే ఇంపెల్లర్ నిండా తెల్లటి గార, సంపులో పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు జల్లెడ సగం మూసుకుపోయి ఉంది. శుభ్రం చేయగానే మళ్లీ గంటలో నిండింది. ఒక్కసారిగా సమయం పెరిగితే మాత్రం గార కాదు, ఓల్టేజీనో, ఫుట్ వాల్వు లీకో చూడాలి.

పండగలకు చుట్టాలు వస్తే రోజుకు రెండుసార్లు నింపేది మూడుసార్లు నింపుతాం, అంతే. ఇదే రకం మోటారు ఇంకొకటి పక్కనే బిగించి వారం మార్చి వారం నడుపుతున్నాం. ఒకటి మెకానిక్ దగ్గరున్నా నీళ్లు ఆగవు. 3 హెచ్‌పీకి పెట్టాల్సిన డబ్బు ఇలా రెండో మోటారు మీద పెట్టడమే మంచిదనిపించింది.