పాత సోల్ చూసి కొత్త షూ కొన్నాను: ఎనిమిది నెలల తర్వాత నా మాట

నల్గొండలో పానగల్ వైపు రోడ్డు మీద వారానికి నాలుగు రోజులు, రోజుకు ఐదేసి కిలోమీటర్లు పరుగెడతాను. ఈ జత షూ మీద ఇప్పటికి దాదాపు 650 కిలోమీటర్లు అయ్యాయి.

దీనికి ముందు కొన్న జత తప్పు. కొట్టులో పాత షూ తిప్పి చూసి, మడమ బయటి అంచు అరిగింది కాబట్టి నా పాదం బయటికి వాలుతోందన్నారు. నేనూ నమ్మాను. కానీ మడమతో నేలను తాకుతూ పరుగెత్తే చాలామందికి బయటి అంచే ముందు తగులుతుంది, అక్కడే రబ్బరు అరుగుతుంది. అది మామూలు అరుగుదల. పాదం ఎటు వాలుతోందో అడుగు రబ్బరు చెప్పదు. కొంచెం చెప్పేది దాని పైనున్న మెత్తటి ఫోమ్. షూను బల్లమీద పెట్టి, కళ్ళు బల్ల ఎత్తుకు దించి, వెనక నుంచి చూడాలి. నా షూల మడమలు రెండూ ఒకేలా అరిగాయి, కానీ ఎడమ షూ మాత్రం లోపలికి ఒరిగి ఉంది. లోపలి వైపు ఫోమ్ అణిగి, ముడతలు పడింది.

ఈసారి ఆ జతను సంచిలో వేసుకుని హైదరాబాద్‌లో ట్రెడ్‌మిల్ ఉన్న షాపుకు పోయాను. మొదటి నిమిషం ఎవరికైనా నడక బిగుసుకుంటుంది, అందుకే ఐదు నిమిషాలు నా వేగంతో పరుగెత్తాకే వీడియో తీయమన్నాను. స్లో మోషన్‌లో రెండు పాదాలూ ఒకేలా పడుతున్నాయి. మరి ఎడమ షూ ఎందుకు ఒరిగినట్టు?

అక్కడి అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్నతో చిక్కు విడిపోయింది: "అన్నా, రోడ్డుకు ఏ పక్క ఉరుకుతవు?"

ఎదురొచ్చే బండ్లు కనబడాలని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి పక్కనే ఉరుకుతాను. వాన నీళ్ళు జారిపోవాలని రోడ్డును నడిమి నుంచి అంచులకు వాలుగా పోస్తారు. అంటే నా ఎడమ కాలు ఎప్పుడూ ఎత్తున పడుతుంది, ఎత్తున పడే పాదం లోపలికి ఎక్కువ వాలుతుంది. ట్రెడ్‌మిల్ చదును కాబట్టి అందులో ఇది కనబడలేదు. సోల్ మీద పాదమూ రోడ్డూ కలిసి రాసిపెడతాయి, ట్రెడ్‌మిల్ పాదాన్నే చూపిస్తుంది. రెండూ పొసగకపోతే ముందు రోడ్డును అనుమానించాలి.

లోపలి వైపు గట్టి ఫోమ్ ఉండే షూ వద్దని, మామూలు షూలలో కాలికి హాయిగా ఉన్నదే తీసుకున్నాను. నాలుగు రోజుల్లో రెండు రోజుల పరుగు ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు మార్చుకున్నాను. నిన్న బల్లమీద పెట్టి చూస్తే ఎడమ షూ దాదాపు నిటారుగానే ఉంది. మునుపటి జత ఇన్ని కిలోమీటర్లకు కళ్ళకు కొట్టొచ్చినట్టు ఒరిగింది.

ఈ పరీక్ష నొప్పులు రాకుండా ఆపుతుందని మాత్రం అనను. నాకు మోకాలి నొప్పి ముందూ లేదు, ఇప్పుడూ లేదు. రోడ్డు మీదే పరుగెత్తేవాళ్ళు షాపుకు పోయేటప్పుడు పాత జతను కడగకుండా పట్టుకుపోండి, ఏ పక్కన ఉరుకుతారో అడగకముందే చెప్పండి.