ఐదు నిమిషాల వాయిస్ మెసేజా, నాలుగు వరుసల టైపింగా?

స్నేహితులు పంపే ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌ను మీమ్‌లు ‘పాడ్‌కాస్ట్’ అని వెక్కిరిస్తాయి. కారణం లేకపోలేదు: టైపు చేసే శ్రమ పంపేవారికి తప్పి, వినేవారి మీద పడుతుంది.

సమయం: రాసినది ఒక్క చూపుతో అందుతుంది. మాటను మొదటి నుంచీ వినాలి. వాట్సాప్‌లో 2021లో వచ్చిన రెండింతల వేగంతో విన్నా రెండున్నర నిమిషాలు పడుతుంది.

వెతుకులాట: పెళ్లి మండపం చిరునామా నాలుగో నిమిషంలో ఉంటే పదేపదే వెనక్కి జరపాలి. రాసి ఉంటే వెంటనే దొరుకుతుంది.

చోటు: బస్సులో ఇయర్‌ఫోన్లు లేకుండా వినలేం.

స్వరం: ఇక్కడ టైపింగ్ ఓడిపోతుంది. ‘బాగానే ఉన్నాను’ అనేటప్పటి వణుకు అక్షరాల్లో కనబడదు.

చిరునామా, తేదీ, డబ్బు లెక్క అయితే రాయండి. దుఃఖమో క్షమాపణో అయితే మాట్లాడండి. కానీ విషయమేమిటో ఒక్క వరుసలో ముందే చెప్పండి. లోపల ఏముందో తెలియకపోవడమే వినేవారిని ఎక్కువగా భయపెడుతుంది.